ఎండిన నేల వడగాలికి ఎలా తోడవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండ ఎక్కువైతే నేల ఎండుతుందని అందరికీ తెలుసు. నేల ఎండితే గాలి ఇంకా వేడెక్కుతుందన్నది మాత్రం చాలామంది పట్టించుకోని సంగతి. దాని మీద నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. ఉదాహరణకు ఎక్కువగా 2003 వేసవిలో యూరప్‌ను తీసుకున్నాను. ఈ విషయంలో బాగా కొలిచి, బాగా తవ్వి చూసిన వడగాలి అదే. మన ఊళ్ల సంగతి కూడా వస్తుంది, కానీ మన లెక్క కాస్త వేరు. ఎందుకో కింద చెప్తాను.

## తడి నేల గాలిని చల్లగా ఎలా ఉంచుతుంది?

మట్టికుండ తెలుసు కదా. కుండ గోడలోంచి నీళ్లు సన్నగా ఊరి బయటికి వస్తాయి, ఆవిరవుతాయి. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని కుండలోంచే లాక్కుంటాయి కాబట్టి లోపలి నీళ్లు చల్లబడతాయి. కుండ పాతదై గోడలో సందులు పూడుకుపోతే నీళ్లు ఊరవు, చల్లదనమూ పోతుంది. మా ఇంట్లో ప్రతి ఎండాకాలం కొత్త కుండ కొనేది అందుకే.

నేల కూడా పెద్ద కుండే. పొద్దున సూర్యుడు ఎక్కిన దగ్గర నుంచి నేలకు చేరిన వేడికి ముఖ్యంగా మూడు దారులు ఉంటాయి. కొంత మట్టి లోపలికి దిగుతుంది, ఇది తక్కువే. కొంత నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. మిగిలింది నేలను ఆనుకున్న గాలిని వేడి చేస్తుంది. థర్మామీటరులో మనం చూసేది ఈ చివరి వాటానే. ఆవిరికి పోయిన వేడి ఎక్కడికీ మాయం కాదు. ఆ ఆవిరి పైకి పోయి ఎక్కడో మేఘమైనప్పుడు అక్కడ విడుదలవుతుంది. కానీ ఆ పూట, ఆ ఊళ్లో, మన తల ఎత్తులో అది వేడిగా తెలియదు.

నేలలో నీళ్లు అయిపోతే రెండో దారి మూసుకుపోతుంది. సూర్యుడు ఇచ్చేది తగ్గదు. అందుకే ఆ వేడంతా గాలి మీద పడుతుంది.

## ఇది ఎంత పెద్ద విషయం? లెక్క వేసి చూపించగలరా?

చూపిస్తాను. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2.45 మెగాజౌళ్ల వేడి కావాలి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సరిగ్గా ఒక లీటరు. పచ్చగా, తడిగా ఉన్న పొలం ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా ఆవిరి వదలగలదు. అంటే చదరపు మీటరుకు 12 మెగాజౌళ్లు ఆవిరికే పోతాయి.

బాగా ఎండ కాసే రోజు నేలకు నికరంగా మిగిలే వేడి 15 మెగాజౌళ్లు అనుకుందాం. మట్టిలోకి దిగేది పక్కన పెడితే, తడి పొలంలో గాలికి మిగిలేది 3 మాత్రమే. అదే నేల బెట్టకు వచ్చి రోజుకు అర మిల్లీమీటరే ఆవిరి వదులుతుంటే, ఆవిరికి పోయేది 1 చిల్లర, గాలికి చేరేది దాదాపు 14.

నేల నుంచి రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా ఉన్న గాలిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే చదరపు మీటరుకు సుమారు 2.2 మెగాజౌళ్లు పడుతుంది. తడి పొలం మీద గాలి ఆ రోజు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. ఎండిన పొలం మీద ఆరు డిగ్రీలు దాటుతుంది.

ఈ తేడా మొత్తం థర్మామీటరులో కనిపించదు. ఎండిన నేల తానే బాగా కాగి ఆకాశంలోకి ఎక్కువ వేడిని తిరిగి పంపుతుంది. దాని మీది గాలిపొర కూడా మరింత ఎత్తుకు ఉబ్బి, వేడిని ఎక్కువ గాలికి పంచుతుంది. అయినా రెండు మూడు డిగ్రీల తేడా మిగిలినా తక్కువేమీ కాదు. 41కీ 44కీ మధ్య ఏముందో ఎండలో పనిచేసేవాళ్లను అడగండి.

ఇదే లెక్క ఒక ఎకరానికి వేస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఎకరం మీద 5 మిల్లీమీటర్లంటే 20 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఆ నీళ్లు ఆవిరై లాక్కునే వేడిని ఏసీలతో తీయాలంటే, ఒకటిన్నర టన్నుల ఏసీలు 260 దాకా పదేసి గంటలు నడవాలి. ఒక్క ఎకరం ఒక్క రోజు చేసే పని అది.

## ఎండాకాలంలోనే కదా నీళ్లు ఎక్కువ ఆవిరయ్యేది? మీరు తక్కువ అంటారేంటి?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. చెరువులో, తొట్టిలో నీళ్లు ఎండాకాలంలోనే వేగంగా తగ్గుతాయి, అది నిజమే. వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో ఒక వెడల్పాటి లోహపు పళ్లెంలో నీళ్లు పోసి రోజూ ఎంత తగ్గిందో కొలుస్తారు. దక్కన్‌లో మే నెలలో ఆ పళ్లెం రోజుకు 10 మిల్లీమీటర్లకు మించి కూడా ఖాళీ అవుతుంది.

కానీ పళ్లెంలో నీళ్లు మనం పోస్తున్నాం. అది చూపించేది గాలి దాహం. నేల ఎంత ఇచ్చిందన్నది అందులో తెలియదు. పక్కనే ఉన్న బీడు భూమి ఆ రోజు వదిలిన ఆవిరి సున్నాకు దగ్గర్లో ఉండొచ్చు. ఇంకో చిత్రం ఏమిటంటే, చుట్టూ నేల ఎంత ఎండితే పళ్లెంలో అంత ఎక్కువ తగ్గుతుంది. చుట్టుపక్కల నుంచి ఆవిరి రాక గాలి పొడిబారి, వేడెక్కి, దొరికిన ఒక్క పళ్లెం మీద పడుతుంది. పళ్లెం అంకె పెరిగింది కాబట్టి ఊరంతా ఆవిరి పెరిగిందనుకుంటే పూర్తిగా తలకిందులు చదివినట్టే.

## నేల ఎంత ఎండితే ఈ తేడా మొదలవుతుంది?

కొంచెం కొంచెంగా కాదు, ఒక గీత దాటాక మొదలవుతుంది. ఆ గీతకు ఎగువన నేలలో తడి కాస్త తగ్గినా మొక్కలు తమకు కావాల్సింది తాగుతూనే ఉంటాయి. ఆవిరి ఎంతన్నది ఎండ, గాలి నిర్ణయిస్తాయి. అప్పుడు నేల తడి 80 శాతం ఉన్నా, 60 శాతం ఉన్నా గాలి వేడిలో పెద్ద తేడా రాదు.

ఒక మీటరు లోతు మంచి నేల, మొక్కకు అందేలా సుమారు 150 మిల్లీమీటర్ల నీళ్లు పట్టి ఉంచుతుంది. ఇసుక నేలలో ఇంకా తక్కువ, రేగడిలో ఎక్కువ. చాలా పంటలకు ఆ నిల్వలో దాదాపు సగం అయ్యేసరికి బెట్ట మొదలవుతుంది. ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకోవడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి ఆవిరి జారుడుబల్ల మీద దిగినట్టు తగ్గుతుంది. తగ్గిన ప్రతి మిల్లీమీటరుకూ 2.45 మెగాజౌళ్లు గాలికి జమ అవుతాయి. నిల్వ పూర్తిగా అడుగంటితే కథ అయిపోయినట్టే. ఇంక ఎండడానికేమీ ఉండదు కాబట్టి తేడా కూడా పెరగదు.

అందుకే ఈ ప్రభావం బలంగా కనిపించేది ఎప్పుడూ తడిగా ఉండే చోట కాదు, ఎప్పుడూ ఎడారిలా ఉండే చోటా కాదు. మధ్యరకం ప్రాంతాల్లో. ఒక ఏడాది తడిగా, ఒక ఏడాది పొడిగా ఉండే నేలల్లో.

## 2003లో యూరప్‌లో ఏం జరిగింది?

ఆగస్టు మొదటి రెండు వారాల వడగాలే అందరికీ గుర్తు. ఒక్క ఫ్రాన్స్‌లోనే మామూలుకంటే దాదాపు 15 వేల మంది ఎక్కువగా చనిపోయారు. ఆ వేసవి మొత్తం మీద యూరప్‌లో 70 వేల దాకా అని తర్వాత లెక్క తేలింది. ఇంగ్లండ్‌లోని ఫేవర్‌షామ్‌లో ఆగస్టు 10న 38.5 డిగ్రీలు నమోదైంది. మనకు అది మామూలు అంకెలా అనిపిస్తుంది. ఫ్యాన్ కూడా లేని ఇళ్లలో ఉండే ముసలివాళ్లకు అది మామూలు కాదు.

అయితే ఆ కథ ఆగస్టులో మొదలవలేదు. ఫిబ్రవరి నుంచే వానలు తగ్గాయి. వసంతంలో మబ్బులు లేవు, ఎండ బాగా కాసింది. జనం సంతోషించారు. మొక్కలు కూడా తొందరగా చిగురించి, జోరుగా పెరిగి, నేలలోని నీళ్లను మామూలుకంటే ముందే తాగేశాయి. వసంతంలో ఆవిరి తక్కువ కాదు, ఎక్కువే. అక్కడే చిక్కంతా ఉంది. వేసవికి దాచుకోవాల్సిన డబ్బు ముందే ఖర్చయిపోయింది, ఆదాయమా, అంటే వాన, లేదు.

జూన్‌లోనే ఎండలు ముదిరాయి. స్విట్జర్లాండ్‌లో అప్పటిదాకా అంత వేడి జూన్ లేదు. జూన్, జూలైలలో మిగిలిన కాస్త తడీ అయిపోయింది. ఆగస్టులో, గాలిని కిందికి దించి మబ్బు పట్టనివ్వని అధిక పీడనం వచ్చి ఫ్రాన్స్ మీద కూర్చునేసరికి, కింద ఉన్నది అప్పటికే బెట్టకు వచ్చిన నేల. ఆ అధిక పీడనమే తడి నేల మీద కూర్చుని ఉంటే ఎండ కొంత ఆవిరికి పోయేది. ఇక్కడ పోవడానికి ఏమీ మిగల్లేదు.

## అంటే తప్పంతా నేలదేనా? అధిక పీడనానిది కాదా?

కాదు. నేల నిప్పు పెట్టదు, ఉన్న నిప్పుకు గాలి ఊదుతుంది. ఆకాశంలో గాలి కిందికి దిగుతూ, మబ్బు పట్టనివ్వకుండా రోజుల తరబడి ఒకేచోట తిష్ట వేయకపోతే ఎంత ఎండిన నేలైనా ఇలాంటి వడగాలిని సొంతంగా పుట్టించలేదు.

మరి వాటాలు ఎలా తేల్చారు? జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలో 2003 వేసవిని రెండుసార్లు నడిపించారు. ఒకసారి నేలను ఉన్నది ఉన్నట్టు ఎండనిచ్చారు. రెండోసారి అదే ఆకాశం, అదే పీడనం ఉంచి, నేల తడిని మాత్రం మామూలు ఏడాది స్థాయిలో ఉంచారు. రెండోదాంట్లో కొన్ని ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రత మామూలుకంటే పెరిగిన మేరలో దాదాపు 40 శాతం తగ్గిపోయింది. వేడి రోజుల సంఖ్య కూడా తగ్గింది.

ఈ 40 శాతాన్ని పట్టుకుని ప్రతి వడగాలికీ అతికించేవాళ్లను చూశాను. అది ఆ ఏడాదికి, ఆ ప్రాంతాలకు, ఆ నమూనాకు చెందిన అంకె. ఇంకో చోట అది చాలా తక్కువ ఉండొచ్చు.

పైగా నేల, ఆకాశం పూర్తిగా వేరువేరు కూడా కాదు. ఎండిన నేల మీద ఆవిరి తక్కువ, మబ్బులు తక్కువ, కాబట్టి ఎండ ఇంకా ఎక్కువ. వేడెక్కిన గాలి ఉబ్బి పైన పీడనాన్ని కొంచెం పెంచుతుంది, దానితో ఆ అధిక పీడనం ఇంకాస్త గట్టిగా కూర్చుంటుంది. ఎవరి వాటా ఎంతో పంచడం అందుకే అంత తేలిక కాదు.

## నేల ఒక్క రోజులో ఎండదు కదా, వడగాలి రోజురోజుకీ ఎందుకు ముదురుతుంది?

దీనికి జవాబు రాత్రిపూట, మన తలల మీద కిలోమీటరు పైన ఉంది.

పగలు ఎండిన నేల మీద గాలి మరుగుతున్న నీళ్లలా పైకీ కిందికీ కలుస్తుంది. ఆ కలిసే పొర మూడు, నాలుగు కిలోమీటర్ల ఎత్తుకు పోవచ్చు. సాయంత్రం నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న కొన్ని వందల మీటర్ల గాలి కూడా చల్లబడుతుంది. కానీ దానిపైన, పగలు కాగిన గాలి అలాగే ఉండిపోతుంది. చల్లటి గాలి అడుగున మూతలా ఉండటంతో అది నేలతో తెగిపోయి రాత్రంతా తన వేడిని దాచుకుంటుంది.

మర్నాడు పొద్దున ఎండ ఎక్కగానే కింది పొర మళ్లీ ఉబ్బి ఆ నిన్నటి గాలిని తాకుతుంది. తడి నేల మీదైతే కింది పొర అంత పైకి పోలేదు. ఎండిన నేల మీద పది, పదకొండు గంటలకే పోయి కలిసిపోతుంది. అంటే ఈ రోజు వేడి సున్నా నుంచి మొదలవదు, నిన్నటి మిగులుతో మొదలవుతుంది. రేపు ఈ రెండింటి మిగులుతో. పెద్ద గాలులు వచ్చి ఆ పై పొరను తోసుకుపోయే దాకా ఇలా పోగవుతూనే ఉంటుంది. అధిక పీడనం ఉన్నప్పుడు ఆ గాలులే ఉండవు.

2010లో రష్యాలో ఇదే చూశారు. జూలై, ఆగస్టుల్లో వారాల తరబడి అధిక పీడనం కదల్లేదు, కింద కరువు. జూలై 29న మాస్కోలో 38.2 డిగ్రీలు వచ్చాయి, ఆ నగరంలో అప్పటిదాకా ఎన్నడూ లేనంత. 2003నూ 2010నూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు, పగటి నేలవేడీ రాత్రి పైన దాగిన వేడీ కలిస్తేనే ఆ అంకెలు వస్తాయని తేల్చారు.

## చెట్లుంటే చల్లగా ఉంటుంది కదా?

ఉంటుంది, కానీ ఎప్పుడన్నది చూడాలి. యూరప్‌లో అడవుల్లోనూ పచ్చిక బయళ్లలోనూ ఎత్తైన స్తంభాల మీద పరికరాలు పెట్టి ఆవిరినీ వేడినీ విడివిడిగా కొలుస్తారు. వడగాలి మొదలైన తొలి రోజుల్లో అడవుల మీద గాలే ఎక్కువ వేడెక్కుతున్నట్టు ఆ కొలతల్లో తేలింది. వినగానే నాకూ నమ్మబుద్ధి కాలేదు.

కారణం సులువే. గాలి వేడిగా, పొడిగా మారగానే చెట్లు పొదుపు మొదలుపెట్టి ఆకుల రంధ్రాలు ముడుచుకుంటాయి. గడ్డి అలా కాదు, దొరికినంతా తాగి ఆవిరి చేసేస్తుంది. అందుకే మొదట్లో గడ్డి నేలే చల్లన. కానీ గడ్డి వేర్లు లోతుకు పోవు, పై మట్టిలో తడి త్వరగా అడుగంటుతుంది. గడ్డి ఎండుతుంది, అక్కడి నుంచి వేడి ఒక్కసారిగా లేస్తుంది. చెట్లు లోతు నుంచి కొంచెం కొంచెం తోడుకుంటూ ఇంకా కొన్నాళ్లు నడిపిస్తాయి. వారం వడగాలికి గడ్డి మేలు, నెల వడగాలికి అడవి మేలు.

ఇది కిలోమీటర్ల మేర గాలి సంగతి. చెట్టు కింద నీడ సంగతి వేరు. వేపచెట్టు నీడలో మనిషికి హాయిగా ఉండేది ముఖ్యంగా ఎండ ఒంటి మీద పడకపోవడం వల్ల.

## మన దగ్గర మే నెల ఎండలకు కూడా ఇదే కారణమా?

కొంతే. మన నేల మేలో దాదాపు ప్రతి ఏడాదీ ఎండే ఉంటుంది. యాసంగి కోతలు అయిపోయి పొలాలు బోడిగా ఉంటాయి. చెలకలు నెర్రెలిచ్చి ఉంటాయి. పైన చెప్పిన గీతకు మనం చాలా దిగువన ఉన్నట్టు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. కుండలో ఊరడానికి నీళ్లే ఉండవు అప్పటికి. ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ తేడా తెచ్చేవి ఎక్కువగా గాలి ఎటు నుంచి వస్తోంది, సముద్రపు గాలి మధ్యాహ్నానికి లోపలికి రాగలిగిందా, మధ్యలో జల్లులు పడ్డాయా అన్నవే.

2015 మే చివరి వారం గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా వడదెబ్బతో పోయారు. అంతకు ముందు 2014 నైరుతి వానలు దేశం మొత్తం మీద 12 శాతం తక్కువ. అందుకే కరువు నేలే కారణమని చాలామంది రాశారు. నాకది అంత సూటిగా అనిపించదు. 2015 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తర, మధ్య భారతంలో అకాల వర్షాలు బాగానే పడ్డాయి. మన ఎండలకు బోడి నేల పైపొర ఆరడానికి వారం పది రోజులు చాలు. మేలో వాయవ్యం నుంచి పొడి గాలి వీచింది. మధ్య భారతంలో వందల కిలోమీటర్ల ఎండిన నేల మీదుగా కాగుతూ వచ్చిన గాలి అది. కోస్తాకు చేరేసరికి సముద్రపు గాలిని లోపలికి రానివ్వలేదు. కాబట్టి నేల పాత్ర ఉంది, కానీ అది మన కాళ్ల కింది నేల కాదు, గాలి వచ్చే దారిలో ఉన్న నేల.

నేల తడి మన దగ్గర నిజంగా లెక్కకు వచ్చేది జూన్‌లో. నైరుతి ఆలస్యమైన ప్రతి రోజూ మే ఎండే కొనసాగుతుంది. ఒకసారి మంచి వాన పడి నాలుగు రోజులు మబ్బు లేకపోయినా మళ్లీ 44 రాదు. సూర్యుడు అదే, కానీ కుండలో నీళ్లు పడ్డాయి.

## పై మట్టి ఎండినా లోపల పదును ఉంటే సరిపోదా?

మొక్క ఉంటే సరిపోతుంది, లేకపోతే సరిపోదు. ఈ సంగతి మన రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. వరుసల మధ్య గుంటక తోలేది కలుపు కోసమే కాదు, పదును నిలవడానికి కూడా. పై రెండు అంగుళాల మట్టి పొడిపొడిగా అయితే కింది నీళ్లు పైకి పాకే సన్నటి దారులు తెగిపోతాయి. ఆ పొడి మట్టి మూతలా పనిచేస్తుంది.

రైతుకు అది లాభం. గాలి చల్లదనానికి మాత్రం అదే మూత అడ్డం. బోడి నేలలో అడుగు లోతున తడి ఉన్నా, అది బయటికి రాలేనప్పుడు వడగాలికి ఎండిన నేలతో సమానం. ఆ తడిని పైకి తెచ్చే పంపు మొక్క వేరు ఒక్కటే.

## అయితే నీళ్లు పారిస్తే, రోడ్ల మీద చల్లితే వేడి తగ్గుతుందా?

కిందటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం రెండున్నరకు, తుపాకీలా గురిపెట్టే థర్మామీటరు ఒకటి పట్టుకుని మావాళ్ల పొలానికి వెళ్లాను. ఎండిన చెలక మీద గురిపెడితే 59 డిగ్రీలు. ఇరవై అడుగుల అవతల డ్రిప్ కింద టమాటా ఆకుల మీద పెడితే 34. గట్టు మీద నిలబడి చేతిలో మామూలు థర్మామీటరు చూస్తే అటు నిలబడినా ఇటు నిలబడినా 42. అర డిగ్రీ కూడా తేడా లేదు. మా బాబాయి నవ్వాడు, "దీనికేనా ఇంత దూరం వచ్చావురా?" అని.

దానికే వచ్చాను మరి. ఆకు చల్లబడింది కానీ గాలి చల్లబడలేదు, ఎందుకంటే గాలి ఆ మడి మీద కొన్ని సెకన్లే ఉంటుంది. అరెకరం తడి, చుట్టూ వెయ్యి ఎకరాల బీడు నుంచి వచ్చే గాలిని మార్చలేదు. గాలి వేడి తగ్గాలంటే కిలోమీటర్ల కొద్దీ తడి, పచ్చదనం కావాలి. పంజాబ్, హర్యానా లాంటి చోట్ల కాలువలు, బోర్ల కింద విస్తారంగా పంట ఉన్న రోజుల్లో అది కనిపిస్తుంది కూడా, పగటి వేడి తగ్గుతుంది.

వాకిట్లో కళ్లాపి, రోడ్డు మీద ట్యాంకర్ నీళ్లు కాసేపు హాయినిస్తాయి. ఎకరానికి రోజుకు నాలుగు ట్యాంకర్ల లెక్క గుర్తుంటే, ఊరు మొత్తానికి ఎన్ని కావాలో మీరే వేసుకోండి.

## తడి పెరిగితే ఉక్కపోత పెరగదా?

పెరుగుతుంది, దీన్ని దాచిపెట్టి మాట్లాడకూడదు. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 24 చూపిస్తుంది. 38 డిగ్రీలు, 45 శాతం తేమ ఉంటే అదే 28 చూపిస్తుంది. వేడి నాలుగు డిగ్రీలు తగ్గింది, తడిగుడ్డ కొలత నాలుగు డిగ్రీలు పెరిగింది. చెమట ఆరి ఒళ్లు చల్లబడటం రెండోదాంట్లోనే కష్టం. గంగా మైదానంలో విపరీతంగా నీరు పారించే ప్రాంతాల మీద ఇలాంటి చర్చే నడుస్తోంది.

అలాగని ఎండిన నేలే మేలని కాదు. పొడి గాలిలో 45 డిగ్రీలు దాటితే చెమట పట్టినట్టే తెలియకుండా ఒంట్లో నీళ్లు అయిపోతాయి. రెండూ ప్రమాదాలే, దారులు వేరు. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఫలానా చోట చల్లబడిందని చెప్పడం మాత్రం సగం మాటే.

## మా ఊళ్లో నేల ఈ స్థితికి వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఫోనులో వాతావరణం యాప్ ఉంటే మంచు బిందు ఉష్ణోగ్రత, అంటే డ్యూ పాయింట్ చూడండి. గాలిలో ఆవిరి తగ్గేకొద్దీ అది దిగుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో అది రోజురోజుకీ దిగిపోతూ, పగటి వేడికీ రాత్రి వేడికీ మధ్య తేడా పెరుగుతుంటే, నేల నుంచి ఆవిరి రావడం ఆగిపోతోందని గట్టి సూచన. బయటి నుంచి పొడి గాలి వచ్చినా ఇలాగే ఉంటుంది కాబట్టి గాలి దిక్కు కూడా చూడాలి. కోస్తాలో ఈ గుర్తు పనికిరాదు, సముద్రం తేమ దాన్ని కప్పేస్తుంది.

ఉపగ్రహాలు కూడా నేల తడిని కొలుస్తున్నాయి. 2009లో యూరప్‌వాళ్లు పంపిన స్మాస్, 2015 జనవరిలో నాసా పంపిన స్మాప్ ఇందుకే ఉన్నాయి. నేల నుంచి సహజంగా వచ్చే మైక్రోవేవ్ తరంగాలను పట్టి తడి చెప్తాయి. అవి చూడగలిగేది పై ఐదు సెంటీమీటర్లే. లోపల వేర్ల దగ్గర ఎంత ఉందో దాన్ని బట్టి నమూనాలతో అంచనా వేయాలి. ఉపగ్రహ పటంలో మీ మండలం ఎర్రగా కనిపించినంత మాత్రాన తోటల కింద నీళ్లు లేవని అర్థం కాదు.

అన్నిటికంటే నమ్మకమైన కొలత పాత పద్ధతే. మట్టి, దాని మీద గడ్డితో సహా ఒక పెద్ద తొట్టిని భూమిలో దించి కింద కాటా పెడతారు. ఆవిరైన ప్రతి మిల్లీమీటరూ చదరపు మీటరుకు ఒక కిలో బరువు తగ్గి కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లోని రీట్‌హోల్జ్‌బాఖ్ అనే చోట ఇలాంటి తొట్టి 1976 నుంచి నడుస్తోంది. 2003 వేసవి గురించి మాట్లాడేటప్పుడు దాని లెక్కలు ఇప్పటికీ తీస్తారు.

## వడగాలి మధ్యలో ఒక వాన పడితే ఎన్నాళ్లు ఉపశమనం?

20 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. రోజుకు 5 చొప్పున నాలుగు రోజులు రావాలి. కానీ గట్టిపడిన నేల మీద కొంత పారిపోతుంది, నెర్రెల్లోంచి కొంత లోతుకు పోతుంది. బోడి పొలమైతే మొదటి రెండు రోజులు ఆవిరి జోరుగా ఉంటుంది, మూడో రోజుకు పైన సన్నటి పొడి పొర కడుతుంది, మూత పడుతుంది. పచ్చటి పంట ఉన్న చోట అవే 20 మిల్లీమీటర్లు నాలుగైదు రోజులు లాగుతాయి. మామిడికాయలు రాల్చే ఆ సాయంత్రం గాలివాన తర్వాత రెండు రోజులు హాయిగా ఉండి, మూడో మధ్యాహ్నం మళ్లీ వడగాలి మొదలైతే, పొలంలోకి వెళ్లి వేలితో మట్టి గీకి చూడండి. పైన వేలి మందం పొడి, కింద ఇంకా చెమ్మగానే తగులుతుంది.